సేల్స్ ట్యాక్స్ సరుకు మీద పడుతుంది, పని మీద ఎందుకు పడదు? – తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇరవై ఏళ్లుగా చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తున్నాను, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తున్నాను. నా దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగేవాళ్లు ముగ్గురు. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఒకరు, లాడ్జీలు నడిపేవాళ్లు ఒకరు, కామర్స్ చదివే పిల్లలు ఒకరు. షాపులో కొన్న వస్తువుకు పన్ను ఉండి, చేయించుకున్న పనికి ఎందుకు ఉండదు? అన్నిటి మీదా వేస్తే రేటు తగ్గుతుందంటారు, నిజమేనా? ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. షాంపూ కొంటే ట్యాక్స్ వేశారు, కటింగ్ చేయించుకుంటే వేయలేదు. ఎందుకలా?

టెక్సస్ చట్టం అలా ఉంది కాబట్టి. అక్కడ రాష్ట్రం వేసే సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం. దాని మీద ఊరి పన్ను 2 శాతం దాకా కలుస్తుంది, అంతా కలిపి 8.25. అది మామూలుగా చేత్తో పట్టుకునే వస్తువు అమ్మకం మీద పడుతుంది. సేవల విషయానికి వస్తే, చట్టంలో పేరు పెట్టి రాసిన వాటికే పన్ను. బట్టలు ఉతికిచ్చే లాండ్రీ పేరు ఆ జాబితాలో ఉంది. జుట్టు కత్తిరించడం లేదు. అందుకే అదే సెలూన్‌లో సీసా కొంటే పన్ను, కుర్చీలో కూర్చుంటే లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల పద్ధతి ఇదే. వస్తువు అయితే మినహాయించారని రాసి ఉంటే తప్ప పన్ను ఉంటుంది. సేవ అయితే వేస్తామని రాసి ఉంటే తప్ప ఉండదు. ఈ ఒక్క తేడా నుంచే మిగతా గందరగోళమంతా పుట్టింది.

సేల్స్ ట్యాక్స్, మన జీఎస్టీ ఒకటే కదా?

కొనేవాడి జేబులోంచి పోవడం వరకు ఒకటే. నడిచే తీరు వేరు. అమెరికా రాష్ట్రాల సేల్స్ ట్యాక్స్‌ను చివరి అమ్మకం దగ్గర ఒక్కసారే వసూలు చేస్తారు. తిరిగి అమ్మడానికి కొనే వ్యాపారి ఆ సంగతి తెలిపే సర్టిఫికెట్ ఇస్తే అతని దగ్గర పన్ను తీసుకోరు. జీఎస్టీలో ప్రతి అంచెలోనూ పన్ను వేస్తారు, వెనక అంచెలో కట్టినది క్రెడిట్‌గా తీసేస్తారు. పైగా జీఎస్టీలో వస్తువూ సేవా రెండూ మొదటి నుంచే ఉన్నాయి. మినహాయిస్తే తప్ప సేవకూ పన్ను ఉంటుంది.

హోటల్లో దోశ తింటే అది సరుకా, సేవా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హోటల్లో కూర్చుని తినడం సేవ కిందికే వస్తుంది, అది వస్తువు అమ్మకం కాదు, కాబట్టి రాష్ట్రం దాని మీద అమ్మకం పన్ను వేయకూడదని 1978లో నార్తర్న్ ఇండియా కేటరర్స్ కేసులో తీర్పు వచ్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1958లో, గానన్ డంకర్లీ కేసులో ఇల్లు కట్టే కాంట్రాక్టులో వాడిన సిమెంటు, ఇనుము విడిగా అమ్మినట్టు కాదని తేల్చారు. ఆ కేసులో ఓడిన పక్షం మద్రాసు రాష్ట్రం.

ఈ తీర్పులతో రాష్ట్రాల రాబడికి గండి పడింది. 1982లో 46వ రాజ్యాంగ సవరణ తెచ్చి, హోటల్ భోజనాన్నీ, కాంట్రాక్టులో వాడిన సామగ్రినీ, అద్దెకిచ్చే వస్తువులనూ 'అమ్మకం' అనే మాట కిందికి చేర్చారు. పెళ్లికి షామియానా షాపు నుంచి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకుంటే, ఆ అద్దె మీద అమ్మకం పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు అలా వచ్చింది. దోశ మాత్రం మారలేదు. పెనం మీది పిండి, చట్నీ రుబ్బిన మనిషి, టేబుల్ తుడిచిన కుర్రాడు, అన్నీ కలిసిన ధర ఒక్కటే. అందులో సరుకెంత, పనెంత అని విడదీయాల్సి వచ్చిన ప్రతిచోటా తగాదా పుడుతుంది. రెండింటికీ ఒకే పన్ను ఉంటే అసలు విడదీయాల్సిన పనే లేదు.

## ఇది ఎలా మొదలైంది

మొదట్లోనే సేవల మీద కూడా వేసి ఉండొచ్చు కదా?

అప్పటి పరిస్థితి అలాంటిది. అమెరికాలో సేల్స్ ట్యాక్స్‌లు ఎక్కువగా 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో వచ్చాయి. ఆస్తిపన్ను వసూలు కాక రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి, త్వరగా డబ్బు వచ్చే దారి కావాలి. షాపుకు బోర్డు ఉంటుంది, గోడౌన్ ఉంటుంది, ఇన్‌వాయిస్ ఉంటుంది. అధికారి వచ్చి వంద పెట్టెలు కొన్నావు, నలభై మిగిలాయి, అరవై అమ్మావని లెక్క తేల్చగలడు. డాక్టరు దగ్గరో లాయరు దగ్గరో స్టాకు ఉండదు. ఎంతమందిని చూశాడో అతని పుస్తకం చెబితేనే తెలియాలి.

ఇంకొకటి, అప్పట్లో ఇంటి ఖర్చులో సేవల వాటా చిన్నది. 1950 ప్రాంతంలో కూడా అమెరికా కుటుంబాల ఖర్చులో సగానికి పైగా వస్తువులదే. సేవలను వదిలేసినా పెద్దగా నష్టం కనిపించలేదు. ఇప్పుడు అక్కడి ఇంటి ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా సేవలదే. చట్టం అక్కడే ఉండిపోయింది, ఖర్చు అక్కడి నుంచి జరిగిపోయింది. తగ్గిపోతున్న భాగం మీదే రాబడి నిలబెట్టాలంటే రేటు పెంచాలి. మిసిసిపీ 1930ల మొదట్లో 2 శాతంతో మొదలుపెట్టింది, ఇప్పుడు 7 శాతం.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అమ్మకం పన్ను ఎప్పటి నుంచి ఉంది?

1939 నుంచి. ఆ కథలో మన జిల్లాకు నేరుగా పాత్ర ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ ఇది. అప్పుడు చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ రాబడి పోయింది. ఆ లోటు పూడ్చడానికి తెచ్చినదే 1939 నాటి మద్రాసు జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం. ఏదో ఒక సరుకు మీద కాకుండా సరుకుల అమ్మకాలన్నిటి మీదా పన్ను వేసిన చట్టం మన దేశంలో అదే మొదటిది.

అది కూడా సరుకు మీదే. తర్వాత రాజ్యాంగం రాసినప్పుడు రాష్ట్రాల జాబితాలో 54వ పద్దుగా వస్తువుల అమ్మకం పన్నును రాశారు. సేవల మీద పన్ను అనే మాటే ఎక్కడా లేదు. పేరు లేనివన్నీ కేంద్రానికి చెందుతాయి. దాంతో మన అమ్మకం పన్ను శాఖ తలచుకున్నా సెలూన్ మీద పన్ను వేయలేకపోయింది. అమెరికాలో చట్టసభలు వేయగలిగీ వదిలేశాయి, మన రాష్ట్రాలకు ఆ వీలే లేదు.

పన్ను పడేవాటి వల పెంచితే రేటు తగ్గుతుందంటారు. మరి మన సర్వీస్ ట్యాక్స్ 5 నుంచి 15 శాతానికి ఎందుకు పెరిగింది?

ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడిని నేను మెచ్చుకున్నాను, ఎందుకంటే నిజం ఇక్కడే ఉంది. కేంద్రం 1994 జూలైలో టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్లు, ఈ మూడు సేవల మీద 5 శాతంతో సర్వీస్ ట్యాక్స్ మొదలుపెట్టింది. ఏటా కొన్ని సేవలు చేర్చుకుంటూ పోయారు. 2012 జూలైలో పద్ధతి తిరగేసి, మినహాయింపు జాబితాలో లేని ప్రతి సేవకూ పన్ను అన్నారు. ఆ మధ్యలో రేటు కూడా 8, 10, 12 అంటూ ఎక్కింది. 2009లో కొంత తగ్గినా నిలవలేదు. 2016 నాటికి సెస్సులతో కలిపి 15 శాతం అయింది.

వల పెద్దదైతే రేటు తగ్గించడానికి వీలు కలుగుతుంది. దానంతట అది తగ్గదు. ఎక్కువ వచ్చిన డబ్బును ప్రభుత్వం ఖర్చుకు వాడుకోవాలనుకుంటే వాడుకుంటుంది. మన దేశంలో పాత అమ్మకం పన్ను తగ్గించాల్సింది రాష్ట్రాలు, కొత్త సేవల పన్ను వసూలు చేసుకున్నది కేంద్రం. ఒకరికి వచ్చిన రాబడితో ఇంకొకరు రేటు ఎందుకు తగ్గిస్తారు? కొత్త సేవలను చేర్చే చట్టంలోనే పాత రేటు ఏ తేదీ నుంచి ఎంతకు తగ్గుతుందో అంకెతో సహా రాసి ఉంటేనే ఆ మాట నమ్మొచ్చు.

## లెక్క ఎలా పనిచేస్తుంది

అసలు ఎంత తగ్గుతుంది? ఒక ఇంటి లెక్కతో చెప్పండి.

బైరాగిపట్టెడలో అద్దెకు ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నెల ఖర్చు 40,000 రూపాయలు. ఇందులో బియ్యం, పాలు, కూరగాయలు 6,000, వీటికి పన్ను లేదు. సబ్బులు, బట్టలు, మిక్సీ, మందులు లాంటి పన్ను పడే సరుకులు 16,000. ఇంటి అద్దె 8,000. బడి ఫీజు, డాక్టరు ఖర్చు 5,000. ఫోను, ఇంటర్నెట్, టైలరు, సెలూన్, టిఫిన్లు, రిపేర్లు కలిపి 5,000.

అమెరికా పద్ధతిలో సరుకుకే 10 శాతం వేస్తున్నారనుకుందాం. 16,000 మీద 1,600 వస్తుంది. ఇప్పుడు చివరి 5,000 కూడా కలిపితే పన్ను పడే ఖర్చు 21,000 అవుతుంది. అదే 1,600 రావాలంటే 7.6 శాతం చాలు. అద్దె, బడి, ఆసుపత్రి, బియ్యంతో సహా మొత్తం 40,000 మీద వేస్తే 4 శాతం చాలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. రేటు బాగా పడిపోయేది అద్దె, చదువు, వైద్యం, తిండి కలిపినప్పుడే, వాటినేమో ఏ ప్రభుత్వమూ తేలిగ్గా ముట్టుకోదు. మిగిలిన సేవలతో వచ్చే తగ్గింపు నిజమైనదే కానీ మధ్యస్తంగా ఉంటుంది. అందులోనూ సగం చిన్నవాళ్లకు పోతే, అంటే 5,000లో 2,500 రిజిస్ట్రేషన్ లేని టైలరుకూ మెకానిక్కుకూ వెళితే, 18,500 మీదే పన్ను పడుతుంది. రేటు 8.6 దాకానే దిగుతుంది. సేవలన్నిటి మీదా వేసి రేటు సగం చేస్తామని ఎవరైనా అంటే, ఏ సేవలు అని అడగండి.

సేవల మీద కూడా వేస్తే పేదవాడు నలిగిపోడా?

సరుకుకే పన్ను ఉన్నప్పుడు పేదవాడే ఎక్కువ నలుగుతున్నాడు, ఎందుకంటే అతని ఖర్చులో సబ్బూ చెప్పులూ ఎక్కువ, జిమ్ములూ ఆర్కిటెక్టులూ తక్కువ. ఒక వీధిలో రెండే ఇళ్లు ఉన్నాయనుకోండి. మొదటి ఇంట్లో పన్ను పడే సరుకులు 7,000, పన్ను వేయదగిన సేవలు 1,000. రెండో ఇంట్లో సరుకులు 30,000, సేవలు 12,000.

సరుకుకే 10 శాతం అయితే మొదటి ఇల్లు 700, రెండో ఇల్లు 3,000 కడతాయి, మొత్తం 3,700. సేవలూ కలిపితే పన్ను పడే ఖర్చు 50,000. అదే 3,700 రావడానికి 7.4 శాతం చాలు. అప్పుడు మొదటి ఇల్లు 592, రెండో ఇల్లు 3,108 కడతాయి. ఖజానాకు రూపాయి తేడా లేదు, చిన్న ఇంటికి 108 రూపాయలు మిగిలాయి.

చేర్చే సేవ ఏదన్నదాన్ని బట్టి ఈ ఫలితం తిరగబడొచ్చు. బస్సు చార్జీ, సెల్‌ఫోన్ రీచార్జి లాంటివి ముందు చేర్చి, లాయర్నీ ఇంటీరియర్ డిజైనర్నీ వదిలేస్తే భారం కిందివాడి మీదే పడుతుంది. చేర్చే క్రమం మీద నేను పట్టుబట్టేది అందుకే.

మొత్తం అంతే కడుతున్నప్పుడు రేటు తగ్గితే మనకేం లాభం?

పన్ను మనిషి నిర్ణయాన్ని ఎంత వంచుతుందన్నది అసలు విషయం. పాడైన మిక్సీని రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది మీ అవసరాన్ని బట్టి తేలాలి. కొత్తదానికి 10 శాతం పన్ను ఉండి రిపేరుకు లేకపోతే, ఆ తూకంలో పన్ను కూడా ఒక రాయి వేసినట్టు. రిపేరు మంచిదే కదా అని మీరనొచ్చు. అదే పన్ను సీడీ కొన్నవాడి దగ్గర తీసుకుని ఇంటర్నెట్‌లో చూసినవాడిని వదిలేస్తుంది, ఇంట్లోకి ట్రెడ్‌మిల్ కొన్నవాడి దగ్గర తీసుకుని జిమ్ముకు వెళ్లేవాడిని వదిలేస్తుంది. దాని వెనక ఏ ఆలోచనా లేదు.

ఈ నష్టం రేటుతో సమానంగా పెరగదు. రేటు రెట్టింపైతే నష్టం సుమారు నాలుగింతలవుతుందని అర్థశాస్త్రంలో లెక్క. తక్కువ రేటుకు, కొనాలా వద్దా అని ఊగిసలాడే కొద్దిమందే వెనక్కి తగ్గుతారు, వాళ్లు కోల్పోయేదీ స్వల్పమే. రేటు పెరిగేకొద్దీ గట్టిగా అవసరమున్నవాళ్లు కూడా ఆగిపోతారు. బిల్లు వద్దు, పన్ను లేకుండా ఇవ్వు అనే బేరం కూడా 5 శాతం దగ్గర అంతగా వినిపించదు, 18 దగ్గర రోజూ వింటాం.

## ఎక్కడ దెబ్బతింటుంది

వ్యాపారాలు కొనే సేవల మీద కూడా వేస్తే వల ఇంకా పెద్దదవుతుంది కదా?

కాగితం మీద పెద్దదవుతుంది. అది దొంగ వెడల్పు. వల పెంచడంలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది.

ఒక లాడ్జి దుప్పట్లు ఉతికించడానికీ లెక్కలు రాయించడానికీ 10,000 రూపాయల సేవలు బయట కొంటుందనుకుందాం. దాని మీద 10 శాతం, అంటే 1,000 పన్ను. క్రెడిట్ లేకపోతే లాడ్జికి ఆ ఖర్చు 11,000 అవుతుంది. సొంత ఖర్చూ లాభమూ ఇంకో 10,000 కలిపి 21,000 అద్దె వసూలు చేస్తుంది. దాని మీద మళ్లీ 10 శాతం, 2,100. ప్రభుత్వానికి చేరింది 3,100. అసలు విలువేమో 20,000. బోర్డు మీద 10 శాతం అని ఉన్నా, యాత్రికుడు కట్టింది 15.5 శాతం. పన్ను మీద పన్ను అంటే ఇదే.

దీనితో ఇంకో అన్యాయం కూడా వస్తుంది. పెద్ద హోటలు సొంత లాండ్రీ పెట్టుకుని, జీతానికి అకౌంటెంటును పెట్టుకుంటుంది. జీతం మీద ఈ పన్ను లేదు, కాబట్టి ఆ 1,000 తప్పించుకుంటుంది. పది గదుల లాడ్జికి ఆ వీలు లేదు. పన్ను వల్లే పెద్దవాడు చవక, చిన్నవాడు ఖరీదు అవుతారు. ఇంటివాళ్లు కొనే సేవను చేర్చాలి, వ్యాపారం కొనే సేవను వదలాలి, లేదా దాని మీద పూర్తి క్రెడిట్ ఇవ్వాలి.

అమెరికాలో ఎవరైనా సేవలన్నిటి మీదా వేసి చూశారా?

ఫ్లోరిడా చూసింది, ఆరు నెలల్లో వెనక్కి తగ్గింది. అక్కడ సేల్స్ ట్యాక్స్ 5 శాతం. 1987 జూలై 1 నుంచి అదే 5 శాతాన్ని లాయర్లు, అకౌంటెంట్లు, నిర్మాణ పనులు, ప్రకటనలు, ఇంకా ఎన్నో సేవలకు విస్తరించారు. గవర్నర్ బాబ్ మార్టినెజ్ సంతకం చేశాడు.

రెండు తప్పులు జరిగాయి. చేర్చిన సేవల్లో చాలా భాగం వ్యాపారాలు కొనేవి. దాంతో పన్ను మీద పన్ను పడింది, వ్యాపారులందరూ ఒక్కటయ్యారు. రెండోది ప్రకటనలు. న్యూయార్క్‌లో తయారై దేశమంతా వచ్చే టీవీ ప్రకటనలో ఫ్లోరిడా ప్రేక్షకుల వాటా ఎంతో లెక్కగట్టి, దాని మీద పన్ను అడిగారు. పెద్ద కంపెనీలు ఫ్లోరిడాలో ప్రకటనలు ఆపేశాయి, సమావేశాలను వేరే రాష్ట్రాలకు తరలించాయి. పత్రికలకూ టీవీలకూ ఆ ప్రకటనలే తిండి కాబట్టి వాటిలో రోజూ ఈ పన్ను మీద పోరాటమే. సంతకం చేసిన గవర్నరే మాట మార్చాడు. డిసెంబరులో రద్దు చేశారు.

రద్దు చేశాక ఆ లోటును ఎలా పూడ్చారో చూడండి. 1988 ఫిబ్రవరి నుంచి సరుకుల మీద పన్నును 5 నుంచి 6 శాతానికి పెంచారు. వల చిన్నదైతే రేటు పెరుగుతుందని ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. లాయరు ఫీజు మీద పోయిన పన్ను చెప్పుల జత మీదికి వచ్చింది.

హవాయిలో 4 శాతమే అంటారు. వాళ్లకెలా సాధ్యమైంది?

అక్కడ దాదాపు దేన్నీ వదల్లేదు. డాక్టరు ఫీజు, ఇంటి అద్దె, కిరాణా సరుకు, అన్నిటి మీదా 4 శాతం పన్ను ఉంది, దాని మీద స్థానికంగా అర శాతం కలుస్తుంది. టెక్సస్‌లో 8.25 కడుతున్న చోట్లతో పోలిస్తే దాదాపు సగం.

కానీ ఆ 4ను చూసి మురిసిపోకూడదు. టోకు అమ్మకాలకు అర శాతమే పెట్టినా, వ్యాపారాలు కొనే ఎన్నో సేవల మీద పూర్తి 4 పడుతుంది, వెనక్కి రాదు. అంటే కొనేవాడి మీద నిజంగా పడేది 4 కంటే ఎక్కువే. హవాయి నుంచి నేర్చుకోవలసింది వెడల్పు. ఆ పన్ను మీద పన్ను మనకు వద్దు.

వీధి చివర టైలరు కూడా ఇప్పుడు పన్ను కట్టాలా?

సాధారణంగా అక్కర్లేదు. మన రాష్ట్రంలో సేవలు చేసేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సరుకులే అమ్మేవాళ్లకు 40 లక్షలు. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే మనిషి ఆ గీత దగ్గరికి కూడా రాడు.

ఈ గీత ఉండటం నాకు సమ్మతమే. అతని దగ్గర వచ్చే పన్ను కంటే అతనితో పుస్తకం రాయించే ఖర్చు ఎక్కువ. ఇబ్బంది గీత దగ్గర నిలబడ్డవాళ్లతో వస్తుంది. టర్నోవర్ 19 లక్షలు దాటగానే భార్య పేరు మీద రెండో షాపు తెరుస్తానని వచ్చేవాళ్లు ఉన్నారు. మాట్లాడి చూస్తే వాళ్ల టెన్షన్ అంతా 18 శాతం అనే అంకె. గీత దాటితే రేపటి నుంచి పక్క షాపు కంటే 18 శాతం ఖరీదు అవుతామన్న భయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్లు, జిమ్ముల రేటు 18 నుంచి 5కు దిగింది. ఆ రంగంలో గీత దాటాలంటే ఇప్పుడు అంత భయం లేదు.

మా లాడ్జికి కూడా రేటు 12 నుంచి 5కు తగ్గింది. వల పెంచి రేటు తగ్గించడమంటే ఇదేనా?

కాదు. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అన్నారు, కానీ మీరు కొన్న వాటి మీద కట్టిన పన్నుకు క్రెడిట్ లేదు. వల వెడల్పు చేసింది అంతకు ముందు, 2022 జూలైలో. అప్పటిదాకా 1,000 రూపాయల లోపు గదికి పన్ను లేదు, ఆ మినహాయింపు తీసేసి 12 శాతం వేశారు. ఆ రోజు రేటు తగ్గలేదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. నెలకు గదుల అద్దె 3,00,000 వస్తుందనుకోండి. లాండ్రీ, పెయింటు, ఫోను, రిపేర్లు అన్నిటి మీదా మీరు కట్టే పన్ను 15,000 అనుకోండి. పాత పద్ధతిలో యాత్రికుల దగ్గర 36,000 వసూలు చేసి, 15,000 క్రెడిట్ తీసుకుని, 21,000 కట్టేవారు. గొలుసు మొత్తం మీద ప్రభుత్వానికి చేరింది 36,000. ఇప్పుడు 15,000 వసూలు చేసి అంతా కడతారు. మీరు కొనుగోళ్ల మీద కట్టిన 15,000 తిరిగి రాదు. ప్రభుత్వానికి చేరేది 30,000. అంటే 12 శాతం 10 అయింది. రిసెప్షన్‌లో అతికించిన కాగితం మీద మాత్రం 5 అని ఉంది.

యాత్రికుడికి తగ్గినట్టే ఉంటుంది, ఆ 15,000 మీ లాభంలోంచి పోతుంది. లేదంటే మెల్లగా అద్దెలో కలుస్తుంది. ఈ వేసవికి గదులకు కొత్త ఏసీలు పెట్టిస్తానన్నారు కదా. ఒక్కో ఏసీ 40,000 అయితే దాని మీద 18 శాతం, 7,200. పాత పద్ధతిలో అయితే ఏసీ మీద కట్టిన పన్నును రిటర్న్‌లో క్రెడిట్‌గా చూపించి ఉండేవాళ్లం. ఈసారి ఏసీ ఖరీదు 47,200 అని రాసుకుని, ఆ తర్వాతే గది అద్దె ఎంత పెట్టాలో తేల్చుకోండి.